పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు

రెజ్యూమె ఆరు పేజీలుంటుంది. ఉద్యోగం ఇవ్వాల్సిన మేనేజర్ దానికి కేటాయించే సమయం మహా అయితే రెండు నిమిషాలు. ఈ రెండింటికీ లంకె కుదిర్చే ఒంటి పేజీ కాగితమే క్యాండిడేట్ సమ్మరీ. అభ్యర్థికి ఏమొచ్చు, ఎక్కడెక్కడ ఎంతకాలం పనిచేశారు, మధ్యలో ఖాళీలున్నాయా, ఎప్పటికి వచ్చి చేరగలరు అన్న నాలుగు ప్రశ్నలకు అందులో జవాబులుండాలి. ఐటీ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీల్లో రోజూ ఇలాంటివి డజన్లకొద్దీ తయారవుతుంటాయి. చాలావరకు రెజ్యూమెలోని మొదటి పేరాను కత్తిరించి అతికించినవే.

హైదరాబాద్‌లో మాదాపూర్‌లోని ఓ చిన్న కన్సల్టెన్సీలో పనిచేసే ఆ రిక్రూటర్ మాత్రం అలా అతికించరు. ఒకప్పుడు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. ఆ అలవాటు పోలేదు. రెజ్యూమె చేతికి రాగానే ఆయన ముందు చూసేది పేరునో చదువునో కాదు, తేదీల్ని. తెల్లకాగితం మీద ఒక గీత గీసి, దానిపై ఉద్యోగాలను నెలల లెక్కన పరుస్తారు. మిగతా పనంతా ఆ గీత నుంచే మొదలవుతుంది.

2025 జులై మొదటి వారంలో ఆయన ముందుకొచ్చిన ఓ రెజ్యూమె కథ చూస్తే ఆ గీత విలువేమిటో తెలుస్తుంది. అది ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీర్‌ది. మొదటి వాక్యంలోనే '11 సంవత్సరాల అనుభవం' అని ఉంది. కింద మూడు కంపెనీలు. వాటి ఎదురుగా కేవలం సంవత్సరాలు: 2014-2017, 2018-2019, 2022 నుంచి ఇప్పటివరకు. కంపెనీ అడిగింది జావాతో సెలీనియం ఆటోమేషన్‌లో కనీసం ఐదేళ్లు, దాంతోపాటు ఏపీఐ టెస్టింగ్, జెంకిన్స్ తెలిసిన మనిషిని. 60 రోజుల్లోపు చేరాలన్నది మరో షరతు.

నెల రాయకుండా ఏడాది మాత్రమే రాస్తే ఖాళీ కనిపించదని చాలామంది అభ్యర్థుల నమ్మకం. లెక్క వేస్తే సంగతి తిరగబడుతుంది. ఒక ఉద్యోగం 2019లో ముగిసి మరొకటి 2022లో మొదలైందంటే మధ్యలో ఖాళీ రెండేళ్లు ఉండొచ్చు. 2019 జనవరిలో మానేసి 2022 డిసెంబర్‌లో చేరారనుకుంటే దాదాపు నాలుగేళ్లూ ఉండొచ్చు. అనుమానంతో చదివేవారు పెద్ద అంకెనే పట్టుకుంటారు. "దాచిన గ్యాప్ ఎప్పుడూ అసలుకన్నా పెద్దదిగానే కనిపిస్తుంది" అంటారు ఆయన. అందుకే ఆయన మొదటి ఫోన్ కాల్ తేదీల కోసమే.

ఆ కాల్‌లో అభ్యర్థిని ఒక్కొక్కటిగా చెప్పింది. మొదటి కంపెనీలో 2014 జులై నుంచి 2017 నవంబర్ దాకా. రెండో దాంట్లో 2018 జనవరిలో చేరి 2019 సెప్టెంబర్ వరకు. మూడో దాంట్లో 2022 ఫిబ్రవరి నుంచి. అంటే 2019 అక్టోబర్ నుంచి 2022 జనవరి వరకు 28 నెలల ఖాళీ. అదే గీత మీదికి ఎక్కేది. కానీ రెండో కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్ పంపమన్నప్పుడు అందులో తేదీ వేరుగా ఉంది: 2020 మార్చి 31.

ఆయన మళ్లీ ఫోన్ చేశారు. "అమ్మా, మీరు సెప్టెంబర్‌లో మానేశానన్నారు. లెటర్‌లో మార్చి అని ఉందే?"

"అక్టోబర్ నుంచి మెటర్నిటీ లీవ్‌లో ఉన్నాను సార్. ఆఫీసుకు వెళ్లలేదు కదా, అది ఉద్యోగం ఎలా అవుతుంది?"

"జీతం వచ్చిందా?"

"వచ్చింది సార్."

"అయితే అది ఉద్యోగమేనమ్మా."

2017లో జరిగిన చట్ట సవరణతో మొదటి ఇద్దరు పిల్లల విషయంలో జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. అక్టోబర్ 1న మొదలైన 26 వారాలు మార్చి 30తో ముగిశాయి. మర్నాడు ఆమె రాజీనామా అమల్లోకి వచ్చింది. ఆ ఆరు నెలలూ ఆమె సర్వీసులో భాగమే. ప్రావిడెంట్ ఫండ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ కనిపిస్తూనే ఉంది. ఆమె తన సొంత సర్వీసును తానే కత్తిరించుకుంది. దాంతో 22 నెలల ఖాళీ కాస్తా 28 నెలలైంది. రెజ్యూమెల్లో అనుభవాన్ని పెంచి రాసేవారి గురించి అందరికీ తెలుసు. తగ్గించి రాసుకునేవారు కూడా ఉంటారు. వారిలో ఎక్కువమంది ఇలాంటి సెలవుపై వెళ్లొచ్చిన మహిళలేనంటారు ఆయన.

ఇక కూడిక. మొదటి కంపెనీలో 41 నెలలు, రెండో దాంట్లో 27, మూడో దాంట్లో జూన్ నెలాఖరు వరకు 41. మొత్తం 109 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఒక నెల. రెజ్యూమెలోని పదకొండేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? 2014 జులై నుంచి 2025 జూన్ వరకు క్యాలెండర్‌లో సరిగ్గా 132 నెలలు. అందులోంచి 109 తీసేస్తే మిగిలేది 23. పెద్ద ఖాళీ 22 నెలలు, 2017 డిసెంబర్‌లో రెండు ఉద్యోగాల నడుమ ఒక నెల. లెక్క సరిపోయింది. ఉద్యోగాల నెలలూ ఖాళీల నెలలూ కలిపితే క్యాలెండర్ నెలలకు సమానం కావాలి. కాకపోతే ఏదో ఒక తేదీ తప్పన్నమాట. రెండు ఉద్యోగాలు ఒకదానిపై ఒకటి ఎక్కినా ఈ కూడికలోనే బయటపడుతుంది.

ఆమె అబద్ధం రాయలేదు. డిగ్రీ పూర్తయిన నాటి నుంచి లెక్కపెట్టుకుంది, చాలామంది చేసేదే. కానీ సమ్మరీలో 11 అని వెళ్లి, తర్వాత జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో 9 అని తేలితే అది అమాయకత్వమని ఎవరూ అనుకోరు.

ఒక నెల ఖాళీకి ఎవరూ సంజాయిషీ అడగరు. 22 నెలలకు కారణం రాయాలి. ఈ నగరంలో దానికి ఇంకో దారి కూడా దొరుకుతుంది. డబ్బు తీసుకుని, పేరుకు మాత్రమే ఉన్న కంపెనీ లెటర్‌హెడ్ మీద ఆ నెలలకు అనుభవ ధ్రువపత్రం ఇచ్చేవారున్నారు. ఆమెకూ ఎవరో ఆ సలహా ఇచ్చారు. అలాంటి కాగితం ఎక్కడ దొరికిపోతుందో రిక్రూటర్‌కు తెలుసు. ప్రావిడెంట్ ఫండ్ సర్వీస్ హిస్టరీలో ఆ యజమాని పేరు ఉండదు. ఆదాయ పన్ను శాఖ వారి ఫామ్ 26ఏఎస్‌లో జీతం మీద కోత కనిపించదు. అయితే ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. 20 మంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్న సంస్థలకు సాధారణంగా పీఎఫ్ తప్పనిసరి కాదు. జీతం తక్కువైతే పన్ను కోత కూడా ఉండదు. చిన్న సంస్థలో నిజాయితీగా పనిచేసిన మనిషి పేరు కూడా ఆ రెండు చోట్లా లేకపోవచ్చు. అలాంటివారిని అనుమానించే ముందు బ్యాంకు ఖాతాలో నెలనెలా పడిన జీతం చూపించమని ఆయన అడుగుతారు.

ఆమె ఆ సలహా తీసుకోలేదు. 2020 ఏప్రిల్ నాటికి దేశమంతా లాక్‌డౌన్, ఇంట్లో ఐదారు నెలల పసిబిడ్డ. బిడ్డకు రెండేళ్లు నిండాక మళ్లీ ప్రయత్నించి ఉద్యోగం తెచ్చుకుంది. అంతకుముందు 2021 నవంబర్‌లో టెస్టింగ్ ఫౌండేషన్ సర్టిఫికెట్ పరీక్ష పాసైంది. సమ్మరీలో ఇదంతా ఒకే వాక్యం: 'శిశు సంరక్షణ కోసం విరామం, 2020 ఏప్రిల్ నుంచి 2022 జనవరి వరకు, 22 నెలలు, ఈ కాలంలో సర్టిఫికెట్ పొందారు, ఆ తర్వాత 41 నెలలుగా నిరంతర ఉద్యోగం.' కారణం ఎంత వివరంగా రాయాలన్నది ఆయన అభ్యర్థికే వదిలేస్తారు. రాసిన వాక్యాన్ని ఫోన్‌లో చదివి వినిపించి, సరేనన్నాకే పంపుతారు. అనారోగ్యం వల్ల వచ్చిన విరామమైతే జబ్బు పేరు రాయరు. 'ఆరోగ్య కారణాలు, ప్రస్తుతం పనికి సిద్ధం' అంటే చాలు. ఖాళీ ఎంతకాలమన్నది కంపెనీకి తెలియాలి. ఇంటి గుట్టు తెలియనక్కర్లేదు.

తర్వాత నైపుణ్యాలు. రెజ్యూమెలో 24 సాధనాల పేర్లున్నాయి. కంపెనీ అడిగినవి నాలుగు. ఆయన ఆ నాలుగింటినే పట్టుకుని ఒక్కోదాని గురించి మూడు ప్రశ్నలు వేస్తారు: ఏ ప్రాజెక్టులో వాడారు, చివరిసారి ఎప్పుడు వాడారు, అందులో మీ చేత్తో చేసిందేమిటి? పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారని మాత్రం అడగరు. బిడియస్తులు ఆరు వేసుకుంటారు, నోరున్నవారు తొమ్మిది వేసుకుంటారు, ఆ అంకె వల్ల తెలిసేదేమీ లేదు.

మొదటి కంపెనీలో ఆమె చేసింది పూర్తిగా మాన్యువల్ టెస్టింగ్. రెండో కంపెనీలో సెలీనియం ప్రాజెక్టుకు మారింది 2018 అక్టోబర్‌లో. అక్కడి నుంచి 18 నెలలు, మూడో కంపెనీలో 41. మొత్తం 59 నెలలు, నాలుగేళ్ల 11 నెలలు. కంపెనీ అడిగింది ఐదేళ్లు. ఒక నెల తక్కువ. ఆ 18 నెలల్లో సెలవు కాలం ఆరు నెలలు ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆయన సమాధానం సిద్ధంగా ఉంటుంది: ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న నెలల్ని ఎవరి అనుభవంలోంచీ తీసెయ్యరు, జీతంతో కూడిన సెలవును మాత్రం ఎందుకు తీసెయ్యాలి?

ఏపీఐ టెస్టింగ్‌లో ఆమె రెండేళ్లుగా సొంతంగా స్క్రిప్టులు రాస్తోంది. ఏ మాడ్యూల్‌కు ఎలా రాసిందో తడుముకోకుండా చెప్పింది. జెంకిన్స్ దగ్గరకొచ్చేసరికి జవాబు కాస్త పొట్టిదైంది. ఇంకొకరు తయారుచేసిన జాబ్‌ను రోజూ నడపడం, ఫలితాలు చూడటం ఆమె పని. పైప్‌లైన్ సొంతంగా రాయలేదు. రెజ్యూమెలో రెండింటికీ ఒకే మాట ఉంది: 'నైపుణ్యం'. సమ్మరీలో ఒకదానికి 'సొంతంగా రాస్తారు', రెండోదానికి 'నడుపుతారు, రాయలేదు' అని పడింది. జేమీటర్ నైపుణ్యాల జాబితాలో ఉంది కానీ ఏ ప్రాజెక్టు కిందా దాని ఊసే లేదు. అలాంటి పేరు కనబడితే ఆయన పెన్ను ఆగుతుంది. అడిగితే శిక్షణలో ఒకసారి చూసిందని తేలింది. ఎలాగూ కంపెనీ అడగలేదు కాబట్టి దాన్ని వదిలేశారు.

ఈ పనికీ హద్దుంది. ఆమె రాసిన స్క్రిప్టు మంచిదో కాదో ఆయనకు తెలియదు, తెలుసని నటించరు కూడా. ఏది స్వయంగా చేశారు, ఏది పక్కనుంచి చూశారు అన్నంతవరకే ఆయన తేల్చగలరు. మిగతాది ఇంటర్వ్యూ చేసేవారి పని.

ఒక నెల తక్కువన్న సంగతి ఇంకా అలాగే ఉంది. దాన్ని '5+' అని రాసెయ్యడం ఈ రంగంలో ఎవరూ తప్పనుకోరు. ఆయన రాయలేదు. పైగా అంకెల్లో రాస్తే ఇంకో తిప్పలుంది. నాలుగేళ్ల 11 నెలల్ని కన్సల్టెన్సీల్లో అలవాటుగా 4.11 అని రాస్తారు. నాలుగేళ్ల తొమ్మిది నెలల్ని 4.9 అంటారు. ఎక్సెల్ షీటుకు ఇవి దశాంశాలు. 4.9 పెద్దది, 4.11 చిన్నది. ఎక్కువ అనుభవం ఉన్న మనిషి జాబితాలో కిందికి జారిపోతుంది. నిజానికి నాలుగేళ్ల 11 నెలలంటే దశాంశాల్లో 4.92. అందుకే ఆయన ఏళ్లూ నెలలూ మాటల్లోనే రాస్తారు. అంకె అడిగే చోట 12తో భాగించి వేస్తారు.

దారి చూపింది నోటీస్ పీరియడ్. రెజ్యూమెలో 'నోటీస్ పీరియడ్: 90 రోజులు' అని ఉంది. అది నియామక పత్రంలోని షరతు. కానీ ఆమె జూన్ 4నే రాజీనామా ఇచ్చింది. అప్పటి నుంచి 90 రోజులంటే సెప్టెంబర్ 2. సమ్మరీ తయారైన జులై 7 నాటికి మిగిలింది 57 రోజులే. 60 రోజుల్లోపు చేరేవారే కావాలన్న కంపెనీ '90' అన్న అంకె చూసి ఆ రెజ్యూమెను తెరిచేది కూడా కాదు. షరతు ఎన్ని రోజులు, రాజీనామా ఇచ్చారా లేదా, ఇస్తే చివరి పని దినం ఏది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకే గడిలో కుక్కితే ఒక్కటి కూడా తెలియదు. అన్నింటికన్నా పనికిమాలిన జవాబు 'నెగోషియబుల్'. ఎవరితో బేరమాడాలో, ఎవరు తగ్గాలో అందులో ఉండదు.

సెప్టెంబర్ 2 అన్న తేదీని ఆయన నోటిమాట మీద రాయలేదు. రాజీనామాను ఆమోదిస్తూ హెచ్‌ఆర్ పంపిన మెయిల్‌లో చూసి వేశారు. నెల ముందే వదిలిపెట్టమని ఆమె మేనేజర్‌ను అడిగింది. ఆయన "చూద్దాం" అన్నారట. మిగిలిన రోజులకు జీతం కట్టి బయటపడే బైఅవుట్ సదుపాయం నియామక పత్రంలో ఉన్నా, అది కంపెనీ ఇష్టానికి లోబడే ఉంది. కాబట్టి 'ముందస్తు విడుదల కోరారు, రాతపూర్వక అంగీకారం రాలేదు' అని మాత్రమే సమ్మరీలో చేరింది. శ్రావణంలో చెల్లెలి పెళ్లికి ఐదు రోజులు సెలవు పెట్టాలనుకుంటున్నట్టు ఆమె మాటల మధ్య చెప్పింది. నోటీసు కాలంలో సెలవు పెడితే కొన్ని కంపెనీలు చివరి తేదీని అన్ని రోజులు వెనక్కి నెడతాయి. అలా నెడితే ఆ 57 కాస్తా 62 అవుతుంది, 60 దాటిపోతుంది. ముందే హెచ్‌ఆర్‌ను అడగమని ఆయన చెప్పారు. సెలవు పెట్టినా తేదీ మారదని మర్నాడు మెయిల్ వచ్చింది.

ఇంకో ఇబ్బందికరమైన ప్రశ్న మిగిలింది: రాజీనామా ఎందుకిచ్చారు, చేతిలో వేరే ఆఫర్ ఉందా? ఇంటి నుంచి పనికి స్వస్తి చెప్పి అందరినీ పుణె ఆఫీసుకు రమ్మన్నారనీ, చిన్నపిల్లతో వెళ్లలేననీ ఆమె చెప్పింది. ఆఫర్ ఒకటుంది, సెప్టెంబర్ 8న చేరాలి, జీతం ఇప్పటికన్నా కొంచెం తక్కువ. నోటీసులో ఉన్న అభ్యర్థి త్వరగా దొరుకుతారు. అంతే త్వరగా చేజారుతారు కూడా. ఆ మాట దాచి సమ్మరీ పంపితే, చివరి నిమిషంలో ఆమె అటు వెళ్లిపోయిన రోజున కంపెనీ మళ్లీ ఈ కన్సల్టెన్సీ మొహం చూడదు. ఆమె ఒప్పుకున్నాక అదీ రాశారు.

నోటీసు తేదీ గీత మీదికి ఎక్కాక ఆటోమేషన్ లెక్క కూడా కదిలింది. సెప్టెంబర్ 2 వరకు ఆమె ఆ పనిలోనే ఉంటుంది. జులై, ఆగస్టు కలిస్తే 59 నెలలు 61 అవుతాయి. కొత్త కంపెనీలో అడుగుపెట్టే నాటికి ఐదేళ్లు దాటిపోతాయి. '5+' అని బొంకాల్సిన అవసరమే లేకుండా పోయింది. చివరికి కంపెనీకి వెళ్లిన పేజీ ఇలా ఉంది:

మొత్తం అనుభవం: 9 ఏళ్ల 1 నెల (2025 జూన్ 30 నాటికి).
సెలీనియం-జావా ఆటోమేషన్: 4 ఏళ్ల 11 నెలలు, చివరి పని దినం నాటికి 5 ఏళ్ల 1 నెల. ప్రస్తుతం వాడుతున్నారు.
ఏపీఐ టెస్టింగ్: 2 ఏళ్లు, స్క్రిప్టులు సొంతంగా రాస్తారు.
జెంకిన్స్: జాబ్‌లు నడుపుతారు, పైప్‌లైన్ రాయలేదు.
విరామం: 2020 ఏప్రిల్ - 2022 జనవరి, 22 నెలలు, శిశు సంరక్షణ. ఆ తర్వాత 41 నెలలుగా నిరంతర ఉద్యోగం. 2021 నవంబర్‌లో సర్టిఫికెట్.
నోటీస్: షరతు 90 రోజులు, రాజీనామా జూన్ 4, చివరి పని దినం సెప్టెంబర్ 2 (హెచ్‌ఆర్ మెయిల్ చూశాం), మిగిలింది 57 రోజులు. ముందస్తు విడుదలకు రాతపూర్వక అంగీకారం లేదు.
మార్పుకు కారణం: పుణె వెళ్లడం కుదరదు. చేతిలో ఒక ఆఫర్, చేరాల్సిన తేదీ సెప్టెంబర్ 8.
వివరాలు 2025 జులై 7 నాటివి.

ఇందులో 'కష్టపడే తత్వం', 'బృందంతో కలిసిపోయే గుణం' లాంటి మాటలు లేవు. ఫోన్‌లో ముప్పావుగంట మాట్లాడినంత మాత్రాన వాటిని తేల్చలేమంటారు ఆయన.

నాలుగు రోజుల తర్వాత ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. మేనేజర్ వేసిన మొదటి ప్రశ్న జెంకిన్స్ గురించే: పైప్‌లైన్ రాయలేదన్నారు కదా, నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆ 22 నెలల ప్రస్తావనే రాలేదు. అడగాల్సింది కాగితం మీదే ఉంది కాబట్టి, ఇంటర్వ్యూ సమయం పని గురించి మాట్లాడుకోవడానికి మిగిలింది. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది ఆ మాటల్లో తేలాల్సిన విషయం, సమ్మరీలో కాదు.

ఆ పేజీ చివర ఉన్న తేదీని ఆయన ఎప్పుడూ మరచిపోరు. సమ్మరీలో అన్నింటికన్నా త్వరగా పాతబడేది నోటీసు గడే. రోజుకొకటి చొప్పున దాని అంకె తగ్గిపోతూ ఉంటుంది. పైగా మధ్యలో ఇంకో ఆఫర్ రావొచ్చు, పాత కంపెనీయే జీతం పెంచి ఉండమనొచ్చు. అందుకే రెండు వారాలు దాటిన సమ్మరీని ఆయన ఎవరికీ పంపరు. మళ్లీ ఫోన్ చేసి, "అమ్మా, తేదీలేమైనా మారాయా?" అని అడుగుతారు.